డిపో మేనేజరు గారికి: రెస్టు తేదీలు కూడా చదవండి



సంక్రాంతి తిరుగు ప్రయాణాల రద్దీ సద్దుమణిగిన రెండు మూడు రోజులకు మీ ఆర్టీసీ డిపో ఆవరణలో చిన్న సభ జరుగుతుంది. గ్యారేజీ ముందు కుర్చీలు వేస్తారు, మైకు పెడతారు, టీ, సమోసాలు తెప్పిస్తారు. నిరుటి కంటే ఎన్ని కిలోమీటర్లు ఎక్కువ తిప్పారో, రాబడి ఎంత వచ్చిందో, ఈపీకే ఎంత పెరిగిందో మీరు కాగితం చూసి చదువుతారు. డబుల్ డ్యూటీలు అందరికంటే ఎక్కువ చేసిన నలుగురిని ముందుకు పిలిచి శాలువా కప్పుతారు. తమ ఇంట్లో పండగ మానుకుని ఊరి జనాన్ని ఇళ్లకు చేర్చిన డ్రైవర్లకు, కండక్టర్లకు, రాత్రంతా గ్యారేజీలో బస్సుల కింద పడుకుని పనిచేసిన మెకానిక్కులకు కృతజ్ఞతలు చెబుతారు. ఆఖర్న, అందరూ ఎదురుచూస్తున్న మాట అంటారు: స్టాఫ్ అందరికీ రెండు రోజులు రెస్టు. చప్పట్లు మోగుతాయి. ఈ లేఖ ఆ ప్రసంగం గురించే. మీ కృతజ్ఞతలో నిజాయితీ లేదని నేను అనడం లేదు. పండగ పది రోజులూ డిపోలో సరిగా నిద్రపోనివాళ్లలో మీరూ ఒకరని తెలుసు. అయితే ఆ ఆఖరి మాటను మీరు కానుక ఇస్తున్నట్టు చెబుతున్నారు, సీజను ముగిశాక చెబుతున్నారు, తేదీ లేకుండా చెబుతున్నారు. ఈ మూడింటిలోనూ పొరపాటు ఉందని, ఆ పొరపాటు బరువు మోసేది డ్రైవరు ఒక్కడే కాదని, వెనక సీట్లలో కళ్లు మూసుకున్న యాభై మంది కూడా మోస్తారని చూపించడానికే ఈ ప్రయత్నం.

డబుల్ డ్యూటీ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు, ఈ లేఖ చదివే మామూలు ప్రయాణికుడికి చెప్పాలి. తెల్లవారుజామున 5 గంటలకు డ్యూటీ ఎక్కిన డ్రైవరు మధ్యాహ్నం 1 గంటకు దిగాలి. దిగే వేళకు కంట్రోలరు వచ్చి, స్పెషల్ ఉంది, మనిషి లేడు, ఇంకో ట్రిప్పు కొట్టమంటాడు. అది రాత్రి 9 గంటలకు ముగుస్తుంది. ఇది కాగితం మీది లెక్క. పండగ ట్రాఫిక్‌లో రాత్రి 11 అయినా ఆశ్చర్యం లేదు. మర్నాడు చార్టులో అతని పేరు మళ్లీ ఉదయం 5 గంటల సర్వీసుకే ఉంటే, అనుకున్నట్టు 9కే దిగినా మధ్యలో మిగిలేది 8 గంటలు. అందులోనే క్యాష్ కట్టడం, టిమ్ అప్పగించడం, ఇంటికి వెళ్లడం, స్నానం, అన్నం, తెల్లవారుజామున 4 గంటలకల్లా డిపోకు తిరిగి రావడం అన్నీ అయిపోవాలి. నిద్రకు నాలుగైదు గంటలు మిగిలితే అదృష్టం. దూర ప్రాంతాల స్పెషళ్ల సంగతి ఇంకో రకం. టిమ్ కూడా డ్రైవరే పట్టుకునే సర్వీసుల్లో అతను టికెట్లు కొట్టాలి, సామాన్లు సర్దించాలి, చిల్లర వెతకాలి, ఆపైన రాత్రంతా స్టీరింగు పట్టుకోవాలి.

పండగలకు రద్దీ ఉంటుందని చట్టం చేసినవాళ్లకు తెలియక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. దూర ప్రాంతాల రూట్లకు, పండగల్లాంటి సందర్భాలకు మినహాయింపు కూడా అదే సెక్షన్‌లో రాసింది. ఆ మినహాయింపు రోజుకు 10 గంటల దాకా, వారానికి 54 గంటల దాకా మాత్రమే, అదీ నిర్ణీత అధికారి అనుమతితో. అంటే పండగను దృష్టిలో పెట్టుకుని గీసిన గీతే 10 గంటల దగ్గర ఉండేది. 16 గంటల డబుల్ డ్యూటీకి అందులో చోటు లేకపోయింది. ఒక రోజు పని ముగియడానికీ మర్నాటి పని మొదలవడానికీ మధ్య వరుసగా 9 గంటలు విశ్రాంతి ఉండాలన్నదీ ఆ చట్టమే. బస్సు చెడిపోతేనో, రోడ్డు మూసుకుపోతేనో, ప్రకృతి వైపరీత్యం వస్తేనో సడలింపు ఉండేది. కానీ ఏటా అదే తేదీకి వచ్చే సంక్రాంతిని ఎవరూ అనుకోని విపత్తు అనలేరు కదా. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చిన మాట నిజమే. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అని దాని పేరు. అందులోనూ 8 గంటల పనిదినం ఉంది, అదనపు పనికి రెట్టింపు వేతనం ఉంది, పోయిన వారపు సెలవును ఆ నెలలోనో, తర్వాతి రెండు నెలల్లోనో అన్నే రోజులు తిరిగి ఇవ్వాలన్న నియమం ఉంది. కాబట్టి సభలో మీరు ప్రకటించే రెండు రోజులు మీరు ఉదారంగా ఇస్తున్నవి కావు. జనవరిలో వాళ్ల వీక్లీ ఆఫ్‌లు తీసుకున్నారు, వాటిని తిరిగి చెల్లిస్తున్నారు. బాకీ తీర్చేటప్పుడు మర్యాదగా మాట్లాడటం మంచిదే, చప్పట్లు మాత్రం అవసరం లేదు.

పాత చట్టంలో ఉండి, కొత్త కోడ్‌లోనూ కొనసాగిన ఇంకో వాక్యం ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు, నా వాదనకు మూలం మాత్రం అదే. సర్వీసులు దెబ్బతినకుండా ఉండటానికి యాజమాన్యం కార్మికుణ్ని వారపు సెలవు రోజున కూడా పిలవవచ్చు. అయితే పూర్తి రోజు సెలవు మధ్యలో పడకుండా వరుసగా 10 రోజులకు మించి పనిచేయించకూడదు. 2026 సంక్రాంతినే తీసుకోండి. ఊళ్లకు వెళ్లేవారి రద్దీ జనవరి 9 నుంచి, తిరుగు ప్రయాణాలు 20 దాకా అనుకుంటే 12 రోజులు. ఆ 12 రోజులూ ఆఫ్ లేకుండా నడిపించి 21న సభ పెట్టి రెండు రోజులు ఇస్తానంటే, అప్పటికే గీత దాటిపోయింది. చట్టం అడిగింది సీజను తర్వాతి విశ్రాంతి ఒక్కటే అయితే పది రోజుల హద్దు రాయాల్సిన పనే లేదు, బదులు సెలవు నియమంతో సరిపోయేది. పోయిన సెలవు తర్వాత ఇవ్వడం ఒకటి, పని నడుస్తుండగా మధ్యలో ఒక రోజు ఇచ్చి తీరడం ఇంకొకటి. చట్టం ఈ రెండింటినీ విడివిడిగా అడిగింది. మీ ప్రసంగంలో మొదటిది ఉంది, రెండోది లేదు.

రెండోదాన్ని అంతగా పట్టుకోవడానికి కారణం నిద్ర స్వభావం. డ్యూటీకి వచ్చిన ప్రతి డ్రైవరునూ మీ డిపోలో బ్రెత్ ఎనలైజరు ముందు నిలబెడతారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. ఆ పరీక్షలో తప్పినవాడికి బస్సు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. 1997లో ఆస్ట్రేలియాకు చెందిన డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. నిద్ర లేచి 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతి కంటి పొందిక, రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషిలాగే మందగిస్తుందని తేలింది. మన చట్టం హద్దు 30 అయితే, ఇది దానికంటే చాలా ఎక్కువ. దీన్ని మన రోడ్డు మీద పెట్టి చూడండి. ఉదయం 7 గంటలకు నిద్ర లేచిన డ్రైవరు రాత్రి 9 గంటలకు ఎంజీబీఎస్ నుంచి విజయవాడ స్పెషల్ తీశాడనుకుందాం. ఎల్బీనగర్ దాటి, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటులో వరుసలో నిలబడి, అర్ధరాత్రి 12 గంటలకు సూర్యాపేట ప్రాంతానికి చేరేసరికి అతను లేచి సరిగ్గా 17 గంటలు. అక్కడి నుంచి కోదాడ, నందిగామ మీదుగా విజయవాడ చేరేది మామూలు రోజుల్లో మరో రెండున్నర, మూడు గంటలకు. పండగకు తెల్లవారుజామున నాలుగో, అయిదో అవుతుంది. మనిషి శరీరం నిద్రలోకి బాగా లాగే వేళ కూడా అదే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. రెప్ప మూడు సెకన్లు వాలితే అయిదు బస్సుల పొడవుకు మించిన దూరం ఎవరూ నడపకుండానే సాగిపోతుంది. గేటు దగ్గర ఆ డ్రైవరు బ్రెత్ ఎనలైజరు సున్నా చూపించే ఉంటుంది. మేలుకుని ఎన్ని గంటలైందో చెప్పే యంత్రం డిపోలో లేదు. అది తెలిసేది డ్యూటీ చార్టు ఒక్కదానికే, దాని మీద సంతకం మీది.

పోయిన నిద్రను తర్వాత రెండు రోజుల్లో కూడబెట్టుకోవచ్చు కదా అని అనిపిస్తుంది. కుదరదని చెప్పే ఆధారం ఉంది. అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ పరిశోధనా సంస్థలో బెలెన్కీ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో మనుషులను వారం రోజులు తక్కువ నిద్రతో ఉంచి, తర్వాత మూడు రాత్రులు ఎనిమిదేసి గంటలు పడుకోనిచ్చారు. మూడు రాత్రుల తర్వాత కూడా వాళ్ల చురుకుదనం మొదటి స్థాయికి పూర్తిగా చేరలేదు. మూడు రాత్రులకు చేరనిది రెండు రోజులకు చేరుతుందని ఆశించలేం. అంతకంటే ముఖ్యమైన సంగతి, ప్రమాదం జరిగే అవకాశం సీజనులోనే ఉంది. జనవరి 12 రాత్రి సూర్యాపేట దగ్గర కావలసిన నిద్రను ఫిబ్రవరి 3న ఇస్తే అది డ్రైవరు కుటుంబానికి పనికొస్తుంది. ఆ రాత్రి బస్సులో ఉన్నవాళ్లకు పనికిరాదు. అందుకే విశ్రాంతి విషయంలో ఎన్ని రోజులన్న దాని కంటే ఎప్పుడన్నది పెద్ద ప్రశ్న అంటున్నాను.

ఇక తేదీల సంగతి. 'అందరికీ రెండు రోజులు' అన్నది అమలులో ఎలా ఉంటుందో ఒక డిపో ఊహించుకుని లెక్క వేద్దాం. అంకెలు మీ డిపోవి కావు, మీ అంకెలు పెట్టుకుని మీరే చూసుకోవచ్చు. 210 మంది డ్రైవర్లున్న డిపో. రోజుకు ఏడో వంతు వీక్లీ ఆఫ్, అంటే 30 మంది. మిగిలేది 180. రోజువారీ చార్టుకు 165 మంది కావాలి. మిగిలిన 15 మందిలోంచే సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు, శిక్షణ, కోర్టు వాయిదాలు తీరాలి. అవన్నీ పోగా రోజుకు ఏడుగురిని అదనంగా ఇంటికి పంపగలరనుకుందాం. 210 మందికి రెండేసి రోజులంటే 420 రోజులు. రోజుకు ఏడు చొప్పున తీరాలంటే 60 రోజులు పడుతుంది. జనవరి 21న మొదలుపెడితే ఆఖరి డ్రైవరుకు సంక్రాంతి రెస్టు అందేది మార్చి 21న. 2026లో ఉగాది మార్చి 19. అంటే సంక్రాంతికి చేసిన అదనపు పనికి అతను ఉగాది దాటాక విశ్రాంతి తీసుకుంటాడు. ఇదీ మధ్యలో ఏ అడ్డంకీ రాకపోతే. 2026లో మేడారం జాతర జనవరి 28 నుంచి 31 దాకా, మహాశివరాత్రి ఫిబ్రవరి 15న. తెలంగాణ డిపోల నుంచి మేడారానికి బస్సులు కదులుతాయి, శివరాత్రికి రెండు రాష్ట్రాల్లోనూ శ్రీశైలం దారి నిండిపోతుంది. ఈ రద్దీల్లో రెస్టు ఇవ్వడానికి వీలుకాని రోజులు పది అనుకుంటే చివరి తేదీ మార్చి 31కి జరుగుతుంది. జనవరి తర్వాత రెండు నెలల గడువు ముగిసేది సరిగ్గా ఆ రోజే. ఒక్క రోజు అటూ ఇటూ అయితే బాకీ గడువు దాటుతుంది. ఇంకా ఇవ్వని రోజులు ఎవరికి ఎన్ని ఉన్నాయో చెప్పే పట్టిక గోడ మీద లేకపోతే, గట్టిగా అడగగలిగినవాడికి ముందు అందుతుంది, నోరు లేనివాడిది రిజిస్టరులో ఉండిపోతుంది. సభలో చప్పట్లు కొట్టిన మనిషే మార్చిలో ఏడీసీ కిటికీ దగ్గర నిలబడి ప్రాధేయపడటం ఇలా మొదలవుతుంది.

ఈ లెక్కకు ఒక విరుగుడు ఉంది, అది మీ చేతిలోనే ఉంది. పండగ రాకపోకలు ముగిశాక కొన్ని వారాలు బస్సులు పలచగా నడుస్తాయి, ముఖ్యంగా వారం మధ్య రోజుల్లో. ఓఆర్ పడిపోయిన ట్రిప్పులు ఏవో మీ ట్రాఫిక్ విభాగానికి నోటికి వచ్చు. ఆ 165 డ్యూటీల్లో 14 తాత్కాలికంగా తగ్గిస్తే రోజుకు 7 బదులు 21 మందిని ఇంటికి పంపవచ్చు. 420 రోజుల బాకీ 20 రోజుల్లో, ఫిబ్రవరి 9కల్లా తీరిపోతుంది. మేడారానికి ఆరు రోజులు పోయినా శివరాత్రి నాటికి పూర్తవుతుంది. పన్నెండింట ఒక వంతు సర్వీసులు మూడు వారాలు తగ్గుతాయి. ఊరికి ఒకే ఒక్క బస్సు ఉన్న పల్లెవెలుగు ట్రిప్పును ఇందులో కలపకూడదని మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే తగ్గించమనగానే చేయి ముందు వాటి మీదికే పోతుంది. ఒకే దారిలో అరగంటకొకటి నడిచే సర్వీసుల్లోంచి తీయాలి.

ఖాళీ బస్సు గురించి ఒక మాట చెప్పి అభ్యంతరాల దగ్గరికి వస్తాను. పండగ స్పెషళ్లలో తెలంగాణ ఆర్టీసీ టికెట్‌పై 50 శాతం దాకా అదనంగా తీసుకోవడానికి ఆధారం 2003 నాటి జీవో 16. దాని వెనక ఉన్న తర్కం సబబైనదే. సంక్రాంతి జనం అంతా ఒకవైపే కదులుతారు, తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఖాళీ, ఆ డీజిల్ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. బస్సు ఖాళీగా తిరిగొస్తుందన్న సంగతిని ప్రభుత్వమే జీవో ఇచ్చి గుర్తించింది, ప్రయాణికుడి జేబులోంచి దానికి పరిహారం కూడా ఇప్పించింది. కానీ ఖాళీ బస్సులోనూ డ్రైవరు సీటు ఖాళీగా ఉండదు. తెల్లవారుజామున విజయవాడలో జనాన్ని దించి, మొహం కడుక్కుని, 6 గంటలకల్లా హైదరాబాద్ తిరిగి బయలుదేరమని చెప్పే ఆ ఖాళీ ట్రిప్పే అందరికంటే అలసిన మనిషి నడిపేది. వెనక మాట్లాడే మనిషి లేడు, టికెట్ల పని లేదు. టైరు అరుగుదలకు లెక్క ఉంది, డీజిల్‌కు లెక్క ఉంది. ఆ ట్రిప్పు ముందు డ్రైవరు ఆరు గంటలు పడుకోవడానికి అయ్యే ఖర్చుకు మాత్రం లెక్క లేదు. అదనంగా వసూలైన సగం టికెట్టులోంచి విజయవాడలో ఒక మంచం, ఫ్యాను, తలుపు వేసుకునే గది అడగడం అత్యాశ కాదనుకుంటాను.

అభ్యంతరాల్లో మొదటిది అందరికీ తట్టేదే. జనం ఇళ్లకు వెళ్లాలి, ఆర్టీసీ బస్సులు తగ్గిస్తే ప్రైవేటు ట్రావెల్స్ వాళ్లు మూడింతలు గుంజుతారు, వాళ్ల డ్రైవర్ల పరిస్థితి ఇంకా ఘోరం. ఒప్పుకుంటాను. అందుకే పండగ స్పెషళ్లు తగ్గించమని నేను అడగలేదు, తగ్గించమన్నవి పండగ అయ్యాక నడిచే పలచని ట్రిప్పులు. సీజనులో అడుగుతున్నది బస్సుల సంఖ్యలో కాదు, మనుషుల అమరికలో మార్పు. రాత్రి దూర సర్వీసుకు డ్రైవరును సూర్యాపేటలోనో కోదాడలోనో మార్చవచ్చు, రెండు చోట్లా డిపోలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎక్కిన డ్రైవరు అక్కడ దిగి, పడుకుని, మర్నాడు అటు నుంచి వచ్చే బస్సు ఎక్కుతాడు. బస్సు ఆగేది పది నిమిషాలు. ఇందుకు రెండు డిపోల మేనేజర్లు డిసెంబరులోనే కూర్చుని చార్టు కలిపి రాసుకోవాలి, కష్టం అంతవరకే. స్పెషళ్ల జాబితా కూడా డిసెంబరులోనే తయారవుతుంది కాబట్టి, దాని పక్కనే ఎవరు ఎప్పుడు పడుకుంటారన్న కాగితం తయారు కావడానికి సమయం లేదన్న మాట నిలవదు.

రెండో అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. డబుల్ డ్యూటీని స్టాఫే అడుగుతున్నారు, వద్దంటే కోపగించుకుంటారు, పిల్లల ఫీజులు, ఇంటి అప్పు వాళ్ల మెడ మీద ఉన్నాయి, వాళ్ల సంపాదనకు అడ్డుపడటానికి మీరెవరు? నిజమే, చాలామంది అడుగుతారు. కానీ ఒక డ్రైవరు తన ఒంటి అలసటను మాత్రమే అమ్ముకోగలడు, బస్సులో ఉన్నవాళ్ల ప్రాణాల మీద తనకు లేని హక్కును అమ్ముకోలేడు. తాగి వచ్చి, నేను బాగానే నడుపుతాను, డ్యూటీ ఇవ్వండి, డబ్బు అవసరం ఉంది అంటే మీరు ఇవ్వరు. 17 గంటల తర్వాత అడిగినవాడికి ఇవ్వకపోవడానికీ అదే కారణం. పైగా అలసట తన మీద ఎంత పనిచేస్తోందో అలసినవాడికే సరిగా తెలియదు, అందుకే ఆ నిర్ణయం అతనికి వదిలేయకూడదు. అలాగని డబ్బు అవసరాన్ని కాదనలేం. అదనపు గంటకు రెట్టింపు వేతనం చట్టం చెప్పినట్టు ఇస్తే, పది గంటల హద్దులో చేసిన పనికే గౌరవంగా ఉండే మొత్తం వస్తుంది. డబుల్ డ్యూటీలు ఎక్కువ చేసినవాడికి సభలో శాలువా కప్పడం మాత్రం ఈ సంవత్సరం నుంచి ఆపేయండి. ప్రమాదకరమైన పనికి అది బహిరంగ ప్రోత్సాహం. అంతగా కప్పాలనిపిస్తే, అందరి ఆఫ్‌లూ పోకుండా చార్టు అల్లిన గుమాస్తాకు కప్పండి.

మూడోది మీ సొంత అభ్యంతరం. సిబ్బందిని ఇచ్చేది మీరు కాదు, పోస్టులు నింపేది ప్రభుత్వం, టార్గెట్లు వచ్చేది పైనుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి స్టాఫ్ ప్రభుత్వ ఉద్యోగులే అయినా డిపో చార్టులో ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి స్త్రీశక్తి వచ్చాక మామూలు రోజుల్లోనే బస్సులు కిక్కిరిసి ఉంటున్నాయి, పండగకు అదనంగా తీయడానికి మనుషులు ఎక్కడ? ఈ మాటలో చాలా నిజం ఉంది, అందుకే ఈ లేఖ నింద కాదు. 2025లో తెలంగాణ ఆర్టీసీకి వెయ్యి డ్రైవరు పోస్టుల ప్రకటన వచ్చింది, ఎంపిక, శిక్షణ పూర్తయి వాళ్లు స్టీరింగు పట్టేదాకా మీ కొరత మీదే. కానీ కొరత ఎంతో లోకానికి చెప్పే అవకాశం మీకు ఆ సభలోనే ఉంది, దాన్ని మీరు వాడటం లేదు. రాబడి అంకె చదివినట్టే, ఈ పండగకు ఎన్ని వీక్లీ ఆఫ్‌లు రద్దు చేశామో, ఎన్ని డ్యూటీలు 10 గంటలు దాటాయో, ఎంతమందికి మధ్యలో 9 గంటల విశ్రాంతి కూడా దక్కలేదో చదవండి. ఆ మూడు అంకెలూ మీ రిజిస్టర్లలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని మైకులో చదివి, అదే కాగితం రీజినల్ మేనేజరుకు పంపితే, రాబోయే సంవత్సరం పోస్టులు అడిగేటప్పుడు మీ చేతిలో రుజువు ఉంటుంది. చదవకుండా రాబడి మాత్రమే చెబితే, ఉన్న మనుషులతోనే పని జరిగిపోయిందని పైవాళ్లు అర్థం చేసుకుంటారు. తప్పు వాళ్లది కాదు, మీ ప్రసంగమే అలా చెప్పింది.

గ్యారేజీ గురించి అందరూ మర్చిపోయేది ఒకటి చెప్పాలి. రెస్టు ప్రకటన డ్రైవర్లకు, కండక్టర్లకు అమలవుతుంది గానీ, బస్సులన్నీ ఒకేసారి తిరిగొచ్చి మరమ్మతుకు వరుస కట్టేది కూడా అప్పుడే కాబట్టి మెకానిక్కులకు, శ్రామిక్‌లకు సీజను అయ్యాకే అసలు సీజను. బ్రేకు సర్దేవాడికి, చక్రం నట్లు బిగించేవాడికి నిద్ర చాలకపోతే అది అక్కడికక్కడ కనపడదు, రెండు వందల కిలోమీటర్ల తర్వాత కనపడుతుంది. వాళ్ల పేర్లు విశ్రాంతి పట్టికలో ముందు రాయండి.

కాబట్టి వచ్చే సభలో ఇలా మాట్లాడవచ్చని నా సూచన: 'పండగ రోజుల్లో మీ ఆఫ్‌లు ఇన్ని తీసుకున్నాం. అవి మీవి. ఎవరికి ఏ తేదీన తిరిగి ఇస్తున్నామో పట్టిక ఇప్పుడే నోటీసు బోర్డు మీద పెడుతున్నాం, దాని కోసం ఫలానా ట్రిప్పులు మూడు వారాలు ఆపుతున్నాం. మీ తేదీ మారిస్తే మీ సంతకం లేకుండా మార్చం. వచ్చే దసరాకు ఎవరూ ఆఫ్ లేకుండా పది రోజులు దాటరు, చార్టు నెల ముందే చూపిస్తాం. మీరు చేసిన పనికి నా నమస్కారం.' ఇందులో కృతజ్ఞత తగ్గలేదు. చివరికి జరిగింది, అంతే. ఇది చదివిన మేనేజర్లలో కొందరు ఇప్పటికే ఇలా చేస్తూ ఉండవచ్చు. అలాంటివారు తమ పట్టికను పక్క డిపోకు పంపితే ఈ లేఖ కంటే ఎక్కువ పని చేస్తుంది.

2026లో విజయదశమి అక్టోబరు 20న. దసరా స్పెషళ్ల చార్టు మీ బల్ల మీదికి సెప్టెంబరులో వస్తుంది. అందులో స్పెషల్ బస్సుల నంబర్ల పక్కన ఇంకో గడి గీయించండి, ప్రతి డ్రైవరుకూ పండగ మధ్యలో వచ్చే ఆఫ్ తేదీ అందులో రాయించండి. ఆ గడి నిండాకే సంతకం పెట్టండి.

ఇట్లు,
మీ బస్సుల్లో రాత్రిపూట నిద్రపోతూ ప్రయాణించే ఒకరు